గోదాము గోడ కూలింది వరదకా, పునాది లోపానికా? సర్వేయరు రిపోర్టు మీద అభ్యంతరం ఎట్లా రాయాలి

చింతపండు_గోదాము | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి పాకాల పోయే దారిలో మాకు చిన్న చింతపండు గోదాము ఉండాది. నేనూ మా ఆయనా నడుపుకుంటా ఉండాము. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 9 అంగుళాల ఇటుక గోడలు, పైన ఇనుప ట్రస్సులు, రేకులు. కట్టి 11 ఏళ్లయింది. ఉత్తరం గోడకు 30 అడుగుల దూరంలో వంక పారతాది.

డిసెంబరు మొదటి వారం వానకు పైచెరువు మరవ పారి, అర్ధరాత్రి దాటినాక వంక గట్టు తెగి నీళ్లు మా పక్కకు మళ్లినాయి. తెల్లారి పోయి చూస్తే ఉత్తరం గోడ వంక మూల దగ్గర 22 అడుగులు పడిపోయి ఉంది. రెండు ట్రస్సులు వంగి రేకులు కిందికి వచ్చేసినాయి. ఆ సందులోంచి రెండు రోజులు వాన కురిసి 190 బస్తాల పండు నల్లబడి బూజు పట్టింది.

మాకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది. గోడ, కప్పుకు 6 లక్షల 40 వేలు, సరుకుకు 4 లక్షల 80 వేలు అడిగినాము. కంపెనీ పంపిన సర్వేయరు ఆరో రోజు వచ్చి గంటసేపు ఉండి ఫోటోలు తీసుకుని పోయినారు. ఇప్పుడు రిపోర్టు వచ్చింది. అందులో నష్టానికి కారణం అనే చోట ఇట్లా రాసినారు: "ఆ ప్రాంతం నల్లరేగడి నేల. తగినంత లోతు లేని పునాది కాలక్రమేణా కుంగడం వల్ల గోడ పడిపోయినది. గోడలో పాత పగుళ్లు గమనించితిమి. గోదాము లోపల నీరు నిలిచిన గుర్తు లేనందున వరద కారణం కాదు."

దీన్ని పట్టుకుని కంపెనీ, క్లెయిమ్ ఇవ్వడానికి వీలుకాదేమో, 10 రోజుల్లో మీ అభ్యంతరం చెప్పండి అని ఉత్తరం రాసింది. తిరుపతిలో ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుతో మాట్లాడినాము, వచ్చి చూసి రిపోర్టు ఇస్తానన్నారు. ఆయన చేత ఏమేం రాయించాలి, మా ఉత్తరంలో ఏమి రాయాలి? తెలిసినవాళ్లు చెప్పండి. ఆ రాత్రి నీళ్ల శబ్దం నేను చెవులారా విన్నాను. గోడ తనంతట తానే కుంగిందంటే మనసుకు పట్టడం లేదు.

---

పుత్తూరు_పొలంగట్టు | సోమవారం, రాత్రి 10:05

అమ్మా, సర్వేయరు రిపోర్టు తప్పనిపిస్తే మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టండి, మళ్లీ కొలుస్తారు. ముందు మీ సర్వే నంబరుకు భూమి కొలతల పటం, అదే ఎఫ్‌ఎంబీ కాపీ తీసుకోండి. మా పొలానికి అట్లే చేస్తే హద్దు రెండు గజాలు తేడా బయటపడింది.

---

చింతపండు_గోదాము | సోమవారం, రాత్రి 10:11

అన్నా, ఈయన భూమి కొలిచే సర్వేయరు కాదు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున నష్టం లెక్కకట్టే సర్వేయరు.

---

న్యాయం_గెలవాలి | సోమవారం, రాత్రి 10:30

భయపడాల్సింది ఏమీ లేదక్కా. సర్వేయరు రిపోర్టు ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. ఆ తీర్పు ఒక్కటి ఉత్తరానికి జతచేయండి. ఇంజినీరు చేత "గోడ వరదకే పడింది, క్లెయిమ్ చెల్లించదగినది" అని ఒక పేజీ రాయించండి. వాళ్ల నిపుణుడు ఒకరు, మన నిపుణుడు ఒకరు. అనుమానం వచ్చినప్పుడు పాలసీదారుకే మేలు చేయాలి. కట్టి తీరాలి.

---

క్లెయిమ్స్_పాతమనిషి | మంగళవారం, ఉదయం 7:15

నేను ఒక జనరల్ ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిమ్స్ విభాగంలో 26 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, చిత్తూరులో ఉంటాను. ఇలాంటి ఉత్తరాలు వందల్లో చదివాను, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

పైన తమ్ముడు చెప్పిన 2009 తీర్పు ఉన్నమాటే. కానీ 2021లో ఖతీమా ఫైబర్స్ కేసులో అదే సుప్రీంకోర్టు రెండో పక్క కూడా చెప్పింది. సర్వేయరు తన విధి సరిగా చేశాడా, నియమాలు పాటించాడా అన్నంతవరకే వినియోగదారుల ఫోరం చూస్తుంది. రిపోర్టు ఇష్టం వచ్చినట్టు రాసిందని చూపించలేకపోతే అంతకంటే లోతుకు పోదు. కాబట్టి మన ఇంజినీరు వేరేగా అంటున్నాడు అన్నంత మాత్రాన సరిపోదు. సర్వేయరు ఏం చూడలేదో, చూడకుండానే ఏం తేల్చాడో మీ ఉత్తరం చూపించాలి. నష్టానికి కారణం విచారించడం, అవసరమైన చోట నిపుణుల అభిప్రాయం తీసుకోవడం రెండూ 2015 సర్వేయర్ల నిబంధనల్లో ఆయన విధులే. నల్లరేగడి అని రాశారు కదా, మట్టి పరీక్ష చేయించారా? పునాది లోతు లేదన్నారు కదా, తవ్వి కొలిచారా? మీ మొత్తం ఉత్తరానికి ఈ రెండు ప్రశ్నలే వెన్నెముక.

ఉత్తరం సర్వేయరుకు కాదు, కంపెనీ క్లెయిమ్స్ మేనేజరుకు రాయండి. నిర్ణయం కంపెనీది, సర్వేయరుది సిఫారసు మాత్రమే. సర్వేయరుకు నకలు పంపండి. ఆయన డబ్బు తిన్నాడని, అమ్ముడుపోయాడని ఒక్క మాట కూడా రాయొద్దు. అలాంటి ఉత్తరం రాగానే మా ఆఫీసులో ఫైలు లీగల్ విభాగానికి పోయేది, ఇక అక్కడ సాంకేతిక విషయం చదివేవాళ్లే ఉండరు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మీ పాలసీలో వరద, ముంపు ఒక ప్రమాదం. భూమి కుంగడం, కొండచరియ జారడం ఇంకో ప్రమాదం. ఈ రెండో దానికి మినహాయింపులు చాలా ఉన్నాయి. కొత్త కట్టడం సర్దుకోవడం, పోసిన మట్టి కదలడం, నది కోత, డిజైను లోపం, పనితనం లోపం, ఇవన్నీ అక్కడ తీసేశారు. మీ ఉత్తరంలోగానీ ఇంజినీరు రిపోర్టులోగానీ "నేల కుంగింది", "వంక కోత" అని అలవాటుగా రాసేశారో, మీరే మీ కేసును వరద గదిలోంచి తీసుకెళ్లి కుంగుదల గదిలో పెట్టినట్టు. జరిగింది ఏమిటి? గట్టు తెగిన వరదనీరు గోడ పక్కగా పారి పునాది కింది మట్టిని ఆ రాత్రే తోసుకుపోయింది. ఆ మాట ఆ వరుసలోనే రాయాలి.

ఇంజినీరు "క్లెయిమ్ చెల్లించదగినది" అని రాయకూడదు. అది ఆయన పని కాదు. పాలసీ గురించి ఒక్క ముక్క రాసినా, మిగతా రిపోర్టంతా పార్టీ చెప్పి రాయించుకున్నదే అంటారు.

---

పాలకేంద్రం_పలమనేరు | మంగళవారం, ఉదయం 9:20

నా అనుభవం చెప్తానండి, మీకు పనికొస్తుందేమో. మా పాలశీతల కేంద్రంలో కంప్రెసరు మోటారు కాలిపోయింది. కరెంటు హెచ్చుతగ్గులకు కాలింది అని మేము, అరిగిపోయి కాలింది అని సర్వేయరు. నాకు తెలిసిన ఎలక్ట్రికల్ ఇంజినీరు లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసిచ్చాడు, "మోటారును పరిశీలించితిని, ఓల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల కాలినదని నా అభిప్రాయం" అని. కంపెనీ నుంచి తిరుగు జవాబు వచ్చింది: ఏ తేదీన పరిశీలించారు, అప్పటికి మోటారు విప్పి ఉందా, ఏ వైండింగు కాలింది, ఫోటోలు ఏవి? మా దగ్గర ఒక్కదానికీ సమాధానం లేదు. మోటారును అప్పటికే రీవైండింగుకు ఇచ్చేశాం, కాలిన రాగితీగ తూకానికి పోయింది. 1 లక్ష 10 వేలు వదులుకున్నాం. అందుకని అక్కా, అక్కడ మిగిలింది ఏదైనా ఉంటే ముందు దాన్ని కాపాడుకోండి.

---

చింతపండు_గోదాము | మంగళవారం, ఉదయం 9:48

అయ్యో, మేము కూలిన ఇటుకలు ఎత్తేసినాము అన్నా. సర్వేయరు వచ్చిపోయిన ఆరు రోజులకు ఆయన్నే ఫోనులో అడిగి, సరేనన్నాక ఎత్తేసినాము. నిలబడిన గోడ, పునాది అట్లే ఉన్నాయి. తవ్వి చూపించాలంటే రేపే ఇంజినీరును పిలుస్తాను.

---

ఇటుక_సున్నం | మంగళవారం, మధ్యాహ్నం 1:30

రేపే తవ్వకండి అమ్మా, ఒక్క నిమిషం ఆగండి.

నేను సివిల్ ఇంజినీరును, తిరుపతి చుట్టుపక్కల పాత కట్టడాల రిపేర్లు చూస్తుంటాను. తవ్వే ముందు కంపెనీకీ సర్వేయరుకూ ఈమెయిల్ పెట్టండి. ఫలానా తేదీ, ఫలానా టైముకు పునాది పరీక్షకు గుంతలు తీస్తున్నాం, మీరూ రావచ్చు అని కనీసం మూడు రోజుల ముందు చెప్పండి. రాకపోతే వాళ్ల ఇష్టం. చెప్పకుండా తవ్వితే సాక్ష్యాన్ని మీరే కదిపారు అనే మాట పడుతుంది.

రెండు గుంతలు చాలు. ఒకటి కూలిన చోట, పునాది మిగిలిన అంచున. రెండోది అదే గోడకు బాగా నిలబడిన చోట, కనీసం 25 అడుగుల దూరంలో. ఈ రెండో గుంతే మీ కేసుకు ప్రాణం, చాలామంది దాన్ని తీయరు. ఎందుకంటే గోడ ఒకటే, కట్టినవాళ్లు ఒకరే, పునాది లోతు ఒకటే. లోతు తక్కువ కావడమే కారణమైతే రెండు చోట్లా ఏదో ఒక కుంగుదల కనిపించాలి. ఒక చోట పునాది కింద మట్టి ఉండి, ఇంకో చోట లేకపోతే, తేడా తెచ్చింది నీళ్లా పునాదా అన్నది కళ్లకే కనిపిస్తుంది. నిలబడిన గోడ పక్కన గుంత వెడల్పు మూడడుగులు మించనివ్వకండి, పని కాగానే పూడ్చేయండి. ఉన్న గోడ కూడా పడితే ప్రాణాల మీదికి వస్తుంది.

కూలిన చోట గుంతలో మట్టి రంగు, పొరలు చూడమనండి. వరదనీరు మట్టి తీసుకెళ్లాక నెమ్మదించినప్పుడు ఆ ఖాళీలో ఇసుక, ఒండ్రు పడుతుంది. చేత్తో తీస్తే పొడిపొడిగా రాలుతుంది, ఆకులు, పుల్లలు, ఒక్కోసారి ప్లాస్టిక్ కవరు ముక్కలు కూడా దొరుకుతాయి. పదకొండేళ్ల నాటి గట్టి నేలలో అవి ఉండవు.

నల్లరేగడి అవునో కాదో తేల్చడం సులువు. రెండు గుంతల్లోంచీ మట్టి తీసి ఫ్రీ స్వెల్ ఇండెక్స్ పరీక్ష చేయించండి. ఎండబెట్టి జల్లించిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు గాజు కొలజాడీల్లో వేస్తారు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిను పోసి 24 గంటలు ఉంచుతారు. కిరోసినులో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బే మట్టి ఉబ్బుతుంది. ఆ తేడాను శాతంలో రాస్తారు. 50 లోపు వస్తే ఉబ్బే గుణం తక్కువ అని మన ఐఎస్ ప్రమాణమే చెప్తుంది. నిజమైన రేగడిలో అంతకంటే చాలా ఎక్కువ వస్తుంది.

ఇక పాత పగుళ్లు. నిలబడిన గోడ మీద మిగిలిన పగుళ్లను దగ్గరగా ఫోటో తీయించండి, పక్కన స్కేలు పెట్టి. పాత పగులైతే లోపలికి సున్నం, పెయింటు దిగి ఉంటుంది, అంచులు మొద్దుబారి దుమ్ము పట్టి ఉంటాయి, సాలెగూళ్లు ఉంటాయి. కొత్త పగులు అంచు పదునుగా, లోపల ఇటుక ఎర్రగా ఉంటుంది. ఏ చివర వెడల్పుగా ఉందో కూడా కొలవాలి. గోడ మూల ఒక్కసారిగా కిందికి దిగితే పగులు పైన వెడల్పుగా, కిందికి సన్నగా ఉంటుంది.

ఒకటి మాత్రం ముందే చెప్తున్నా. పడిన భాగం లేదు కాబట్టి అక్కడ పాత పగుళ్లు లేవని ఏ ఇంజినీరూ ఇప్పుడు చెప్పలేడు. దానికి సర్వేయరు తీసిన ఫోటోలే దిక్కు. అవి అడిగి తీసుకోండి.

---

పుత్తూరు_పొలంగట్టు | మంగళవారం, రాత్రి 8:50

నిన్న నేను పొరబడ్డాను, క్షమించండి. కానీ ఎఫ్‌ఎంబీ కాపీ ఎందుకైనా మంచిది. వంక పోరంబోకు ఎక్కడ ఉంది, మీ గోడ దానికి ఎంత దూరం అన్నది అందులో ఉంటుంది. ఆ వంక అసలు దారి వదిలి మీ వైపు వచ్చిందని ప్రభుత్వ పటంతోనే చూపించవచ్చు కదా.

---

క్లెయిమ్స్_పాతమనిషి | మంగళవారం, రాత్రి 9:10

మంచి మాట చెప్పారు. దాంతోపాటు తహసీల్దారు ఆఫీసులో ఆ రెండు రోజుల మండలం వర్షపాతం లెక్క, చెరువు మరవ పారినట్టు వీఆర్వో ధ్రువపత్రం తీసుకోండి. కాకపోతే పటంలో మీ గోడ పోరంబోకులోకి వచ్చిందేమో ముందు మీరు చూసుకుని తర్వాత బయటపెట్టండి.

---

చింతపండు_గోదాము | తర్వాతి సోమవారం, రాత్రి 8:20

ఆలస్యానికి ఏమీ అనుకోకండి. మీరు చెప్పినట్టే ముందుగా ఈమెయిల్ పెట్టి శుక్రవారం గుంతలు తీయించినాము. గడువు ఇంకో 15 రోజులు పెంచమని కూడా అడిగినాము, సరేనన్నారు. సర్వేయరు రాలేదు, కంపెనీ నుంచి ఒక అబ్బాయి వచ్చి నిలబడి చూసి ఫోటోలు తీసుకుని పోయినాడు.

నిలబడిన చోట గుంతలో పునాది రాతికట్టు మూడడుగుల లోతు ఉంది. దాని కింద ఎర్రటి మొరం, గడ్డపార వేస్తే ఠంగుమంటా ఉంది. కూలిన చోట కూడా రాతికట్టు మూడడుగులే, కానీ దాని అంచు కింద మొరం లేదు. ఇంకో అడుగున్నర లోతు వరకు తెల్లటి వంక ఇసుక, మధ్యలో వేలెడు మందాన బురద పొర. ఇంజినీరు సారు చేత్తో తవ్వతా ఉంటే కానుగాకులు వచ్చినాయి, ఇంకా పూర్తిగా కుళ్లలేదు. దాని కింద ఒక గుట్కా ప్యాకెట్టు. నేను దాన్ని చేతిలోకి తీసుకోబోతే, ముట్టుకోవద్దమ్మా, అట్లే ఉండనీ అని స్కేలు పెట్టి ఫోటో తీసినారు. పునాది కిందికి గుట్కా ప్యాకెట్టు ఎట్లా పోయింది చెప్పండి? పదకొండేళ్ల కింద కట్టేటప్పుడు అక్కడ పెట్టింది కాదు కదా.

మట్టి పరీక్ష ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో చేయించినారు. కిరోసిను జాడీలో 10 మిల్లీలీటర్లు, నీళ్ల జాడీలో 11.5. అంటే 15 శాతం. రేగడి కాదు.

నిలబడిన గోడ మీద మూడు పగుళ్లు ఉన్నాయి. రెండు పైన 9 మిల్లీమీటర్లు, కింద 2, అంచులు పదునుగా ఉన్నాయంట. మూడోది సన్నది, కిటికీ మూల నుంచి పోతుంది, దాంట్లో మా పాత నీలం సున్నం ఉంది. అది పాతదేనని ఇంజినీరు సారు ఉన్నదున్నట్టు రాసినారు.

బయటి గోడకు నేల నుంచి 14 అంగుళాల ఎత్తున ఒండ్రు గీత ఇంకా ఉంది. గోదాము లోపలి నేల బయటి నేలకంటే రెండున్నర అడుగులు ఎత్తు. అందుకే లోపలికి నీళ్లు రాలేదు.

కానీ సారు రిపోర్టులో "పునాది మరింత లోతుగా ఉండి ఉంటే నష్టం తగ్గేది" అని కూడా రాసినారు. మా ఆయనకు భయంగా ఉంది.

---

న్యాయం_గెలవాలి | సోమవారం, రాత్రి 8:45

ఆ వాక్యం తీసేయించండి అక్కా. డబ్బు ఇచ్చింది మీరు. సర్వేయరు అన్నదాన్నే మీ ఇంజినీరు ఒప్పుకున్నట్టు అవుతుంది. పాత పగులు సంగతి కూడా అక్కర్లేదు.

---

క్లెయిమ్స్_పాతమనిషి | సోమవారం, రాత్రి 9:30

తీయొద్దు. ఆ రెండు మాటలు ఉన్నందుకే ఆ రిపోర్టుకు విలువ వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. మూడడుగుల పునాది మీద ఆ గోడ 11 వానాకాలాలు నిలబడింది. అదే పునాది మీద మిగతా గోడ ఇప్పటికీ నిలబడి ఉంది. కాబట్టి తక్కువ లోతు ముందు నుంచీ ఉన్న ఒక పరిస్థితి. ఆ రాత్రి గోడను పడేసిన బలం మాత్రం నీళ్లది. బలహీనమైన మనిషిని లారీ గుద్దితే చనిపోయింది బలహీనత వల్ల అనం కదా. నష్టానికి దగ్గరి కారణం, బలమైన కారణం ఏది అన్నదే ఇన్సూరెన్సు అడిగే ప్రశ్న. వరద జరిగిందని, దానివల్ల పడిందని చూపించే భారం మీది. మినహాయింపు వర్తిస్తుందని చూపించే భారం కంపెనీది.

ఇంజినీరు చేత ఒక్క వాక్యం అదనంగా రాయించండి, అదీ ఆయన నిజంగా ఒప్పుకుంటేనే: పునాది కింది మట్టి కొట్టుకుపోకుండా ఉంటే, ఉన్న లోతుతోనే ఆ గోడ నిలబడి ఉండేదా? ఆయన అవునంటే, దానికి రెండో గుంతను ఆధారంగా చూపిస్తే, సర్వేయరు వాదం ఆ చోటే ఆగిపోతుంది.

---

ఇటుక_సున్నం | సోమవారం, రాత్రి 10:00

సార్ మాటకు ఒక చిన్న సవరణ. నిలబడి ఉండేదని నిశ్చయంగా రాయమంటే నేనైతే రాయను. "రెండో గుంతలోని స్థితిని బట్టి, నిలబడి ఉండేందుకే ఎక్కువ అవకాశం" అని రాస్తాను. ఇంజినీరు నిజాయితీగా ఎంత చెప్పగలడో అంతే చెప్పనివ్వండి.

---

చింతపండు_గోదాము | బుధవారం, రాత్రి 10:15

ఉత్తరం ముసాయిదా రాసినాను. ఇంగ్లీషులో టైపు చేయించి పంపుతాము, ఇక్కడ తెలుగులో పెడతా ఉండాను. తప్పులుంటే చెప్పండి.

"క్లెయిమ్స్ మేనేజరు గారికి,

మా క్లెయిములో సర్వేయరు గారి తుది రిపోర్టులో నష్టకారణంపై వ్యక్తమైన నిర్ణయానికి మా అభ్యంతరం తెలుపుతున్నాము. నష్టం మొత్తం లెక్కపై మా మాట వేరుగా రాస్తాము. ఈ లేఖ కారణానికే పరిమితం.

డిసెంబరు వర్షాలకు చెరువు మరవ పారి, వంక గట్టు తెగి, వరదనీరు మా ఉత్తరం గోడ పక్కగా పారినది. ఆ నీరు పునాది కింది మట్టిని ఆ రాత్రే తొలగించడంతో గోడలో 22 అడుగులు, దానిపై ఆధారపడిన రెండు ట్రస్సులు, రేకులు పడిపోయినవి. తెరుచుకున్న కప్పు నుండి వాననీరు పడి సరుకు పాడైనది. వర్షపాతం లెక్క, వీఆర్వో ధ్రువపత్రం, ఎఫ్‌ఎంబీ నకలు జతచేశాము.

నేల నల్లరేగడి అని రిపోర్టులో ఉన్నది. ఏ పరీక్ష ఆధారంగా ఈ నిర్ణయానికి వచ్చారో అందులో లేదు. మా ఇంజినీరు రెండు గుంతల మట్టికి చేయించిన పరీక్షలో ఫ్రీ స్వెల్ ఇండెక్స్ 15 శాతం.

పునాది కాలక్రమేణా కుంగినదని ఉన్నది. పునాదిని తవ్వి చూసినట్లు రిపోర్టులో లేదు. మీకు ముందుగా తెలిపి, మీ ప్రతినిధి సమక్షంలో తీసిన గుంతలలో, ఒకే లోతు పునాది నిలబడిన చోట గట్టి మొరంపై ఉన్నది, కూలిన చోట దాని కింద అడుగున్నర మేర తాజా ఇసుక, ఆకులు, ప్లాస్టిక్ ఉన్నవి. ఫోటోలు 7 నుండి 15 చూడగలరు.

గోదాము లోపల నీటి గుర్తు లేదన్న సర్వేయరు గారి పరిశీలనను మేమూ అంగీకరిస్తున్నాము. లోపలి నేల బయటికంటే రెండున్నర అడుగుల ఎత్తు. బయటి గోడపై 14 అంగుళాల ఎత్తున ఒండ్రు గీత ఉన్నది. రిపోర్టులో బయటి గోడ ప్రస్తావన లేదు.

పాత పగుళ్ల విషయంలో, నిలబడిన గోడపై ఒక పాత పగులు ఉన్నదని మా ఇంజినీరు కూడా రాశారు. పడిన భాగంలో సర్వేయరు గారు గమనించిన పగుళ్ల ఫోటోలను వాటి అసలు ఫైళ్లతో ఇప్పించ ప్రార్థన.

ఇంజినీరు రిపోర్టును సర్వేయరు గారికి పంపి, పై నాలుగు అంశాలపై ఒక్కొక్కదానికి కారణాలతో వివరణ కోరవలసినదిగా, అవసరమైతే మా ఇంజినీరుతో కలిసి ఉమ్మడి పరిశీలన జరిపించవలసినదిగా కోరుతున్నాము. కూలిన చోటి గుంతను అందుకోసం పూడ్చకుండా కప్పి ఉంచాము."

---

క్లెయిమ్స్_పాతమనిషి | గురువారం, ఉదయం 6:50

అమ్మా, చాలా బాగుంది. ఆయన చూసింది నిజమే, దానినుంచి తీసిన అర్థమే తప్పు అని లోపలి నీటి గుర్తు గురించి రాసిన పేరా ఈ ఉత్తరంలో అన్నిటికంటే గట్టిది. రెండు మార్పులు చేయండి. "ఆ రాత్రే" అన్నదానికి ఆధారం చూపించండి. ముందురోజు సాయంత్రం గోడ నిలబడి ఉన్నట్టు ఎవరు చూశారు, తెల్లారి ఎవరు చూశారు, ఆ ఇద్దరి సంతకాలతో వాంగ్మూలం. రెండోది, ఇంజినీరు అర్హతలు, ఆయన వచ్చిన తేదీ, ఆ తేదీకి శిథిలాలు తీసేసి ఉన్నాయన్న సంగతి ఆయన రిపోర్టు మొదటి పేజీలోనే ఉండాలి. సర్వేయరుకు ఫోను చేసి అడిగాకే ఎత్తేశామని మీరు తేదీతో రాయండి.

కంపెనీ ఒప్పుకోకపోతే, లేదా నెలలో జవాబివ్వకపోతే, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. మీది సూక్ష్మ సంస్థ కాబట్టి అర్హత ఉంది, మొత్తం కూడా 50 లక్షల లోపే. అక్కడ వకీలు అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌కు పోతే ఇంజినీరు చేత అఫిడవిట్ వేయించాల్సి వస్తుంది, ఆయన సిద్ధమేనా అని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

---

పాలకేంద్రం_పలమనేరు | గురువారం, ఉదయం 8:05

గోడ వరదకే పడిందని తేలినా, సరుకు సంగతి వేరుగా లాగుతారేమో చూసుకోండి. రెండు రోజులు బస్తాల మీద టార్పాలిన్ ఎందుకు కప్పలేదు అని అడుగుతారు.

---

చింతపండు_గోదాము | గురువారం, ఉదయం 8:40

కప్పినాము అన్నా. ఉన్నవి రెండే టార్పాలిన్లు, పాడైన 190 కాక ఇంకో 110 బస్తాలు కాపాడుకున్నాము. మిగతావాటి పక్కకు పోవాలంటే వంగిన ట్రస్సు కింద దూరాలి. మనుషుల్ని దాని కిందికి పంపడానికి నాకు మనసొప్పలేదు.

---

ఇటుక_సున్నం | గురువారం, ఉదయం 9:15

ఆ మాట కూడా రాతపూర్వకంగా పెట్టండి. వంగిన ట్రస్సు కిందికి మనుషులను పంపడం ప్రమాదమని మీ ఇంజినీరు ఒక వాక్యం రాయగలడు. అది ఆయన చెప్పదగిన విషయమే.

---

చింతపండు_గోదాము | మూడు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 5:30

ఇప్పటిదాకా జరిగింది చెప్తాను. ఉత్తరం అందిన తొమ్మిదో రోజు సర్వేయరు గారు, మా ఇంజినీరు సారు, కంపెనీ మనిషి ముగ్గురూ వచ్చినారు. సర్వేయరు గారు గుంతలోకి దిగి ఇసుక చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసినారు. బయటి ఒండ్రు గీత దగ్గర టేపు పెట్టి తానే కొలుచుకున్నారు. గొడవేమీ జరగలేదు, మర్యాదగానే మాట్లాడుకున్నారు.

నిన్న అనుబంధ రిపోర్టు వచ్చింది. నల్లరేగడి మాట తీసేసినారు. "వరదనీటి ప్రవాహం వల్ల పునాది కింది మట్టి తొలగి గోడ పడినది" అని రాసినారు. గోడ, కప్పుకు 5 లక్షల 10 వేలు సిఫారసు చేసినారు, పాతదనానికి కొంత తగ్గించి. పడిన భాగంలో పాత పగుళ్ల ఫోటోలు మాత్రం ఇవ్వలేదు, అడిగితే స్పష్టంగా రాలేదన్నారు.

సరుకు దగ్గర ఆగింది. పాడైన 190లో 80 బస్తాలను కాపాడుకోవచ్చునని, వాటికి ఇవ్వలేమని రాసినారు. ట్రస్సు కింద ప్రమాదం గురించి ఇంజినీరు సారు రాసిన వాక్యానికి జవాబు లేదు. క్లెయిమ్స్ సారూ, ఇప్పుడు గోడ డబ్బు తీసుకుంటే సరుకు సంగతి వదులుకున్నట్టు అవుతుందా? వోచరు మీద సంతకం పెట్టమని ఫోను చేస్తా ఉండారు.

---

క్లెయిమ్స్_పాతమనిషి | శనివారం, రాత్రి 7:40

వోచరులో "పూర్తి, తుది పరిష్కారంగా" అని ఉంటే అట్లాగే సంతకం పెట్టొద్దు. గోడ, కప్పు వరకే అభ్యంతరంతో తీసుకుంటున్నామని, సరుకు క్లెయిము నిలిచే ఉందని ముందు ఈమెయిల్‌లో రాసి, వాళ్ల జవాబు వచ్చాక పెట్టండి. వోచరు ఫోటో ఇక్కడ పెట్టండి, పాలసీ నంబరు కనపడకుండా.